బ్లాక్ చేశాక తిరిగి ఎప్పుడు కొట్టాలి?

"గుంటూరులో అన్నయ్యతో స్ట్రీట్ ఫైటర్ 6 ఆడుతున్నా. తన దెబ్బ బ్లాక్ చేసినా తిరిగి కొట్టలేకపోతున్నా. ఫ్రేమ్స్ అంటే ఏంటి?"

ఫ్రేమ్ అంటే గేమ్ తెర మీద చూపే ఒక్క బొమ్మ, సెకనుకు 60 ఫ్రేములు. అన్నయ్య కొట్టిన దెబ్బ బ్లాక్ మీద -6 అనుకోండి. మీరు కదలగలిగాక కూడా ఆయన 6 ఫ్రేములు కదల్లేరు. మీరు ఆడే పాత్ర రియూ అయితే, నిలబడి కొట్టే లైట్ పంచ్ 4 ఫ్రేముల్లో తగులుతుంది, కాబట్టి వెంటనే నొక్కితే ఖాయం. అదే -3 అయితే ఆయన బ్లాక్ చేసేస్తారు.

దూరం కూడా చూడాలి. బ్లాక్ చేసినప్పుడు ఇద్దరి మధ్య దూరం కాస్త పెరుగుతుంది, పంచ్ అందకపోవచ్చు. న్యూట్రల్ అంటే ఈ దూరం కోసం జరిగే పోరే. ట్రైనింగ్ మోడ్‌లో ఫ్రేమ్ మీటర్ ఆన్ చేసి, డమ్మీ బ్లాక్ చేసేలా పెట్టి, దానితో అన్నయ్య దెబ్బను రికార్డ్ చేసి, బ్లాక్ చేసి పంచ్ నొక్కండి. డమ్మీ బ్లాక్ చేసిందంటే మీరు ఆలస్యం చేశారు. పది సార్లకు ఎనిమిది తగిలాకే ఆ పంచ్‌కు కాంబో కలపండి.