కొడుకులు డబ్బులు ఆపేశారు, ఆర్డీవో దగ్గర ఎలా అడగాలి?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ఆయన పోయి ఆరేళ్లయింది. తెనాలిలో అద్దె గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పెద్దబ్బాయికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చిన్నవాడికి విజయవాడలో సెల్‌ఫోన్ల షాపు. ఇద్దరూ డబ్బులు పంపడం మానేశారు. పెద్దవాణ్ణి అడిగితే ‘పొలం వాడికే ఎక్కువ పోయింది, వాణ్ణే అడుగు’ అంటున్నాడు. ఆర్డీవో దగ్గర కేసు పెడితే ఇప్పిస్తారట. లాయర్‌ని పెట్టుకునే స్థోమత నాకు లేదు. నెలకు 4 వేల పింఛను వస్తుంది, అది ఉందని కేసు కొట్టేస్తారా?

జవాబు: కొట్టేయరమ్మా. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 చూసేది మీ సొంత రాబడితో, ఆస్తితో మీరు బతకగలరా లేదా అన్నదే. ఎంతో కొంత వస్తోంది కదా అని హక్కు పోదు. వచ్చేది పోగా ఎంత చాలడం లేదో అంత అడగాలి.

అందుకని అర్జీకి ముందు ఒక తెల్లకాగితం మీద నెల ఖర్చు వేసుకోండి. గది అద్దె 4,000, సరుకులు, గ్యాసు, కరెంటు కలిపి 5,000, బీపీ, షుగరు మందులు 2,500, డాక్టరు ఫీజు, రక్త పరీక్షలు సగటున 1,000 అనుకుందాం. మొత్తం 12,500. పింఛను 4,000 తీసేస్తే 8,500 తక్కువ పడుతోంది. మీరు అడగాల్సిన అంకె అది. అద్దె రసీదులు, మందుల చీటీలు, పాస్‌బుక్ జెరాక్సు దానికి జతచేయండి. పింఛను సంగతి దాచవద్దు. అది అవతలివాళ్ల నోటి నుంచి బయటపడితే మీరు చెప్పే మిగతా లెక్కనూ అధికారి అనుమానంగానే చూస్తారు.

ఈ చట్టం కింద ఆర్డీవో నడిపేదాన్నే ట్రిబ్యునల్ అంటారు. అది ఇప్పించగలిగే మొత్తానికి ఒక హద్దుంది. రాష్ట్ర ప్రభుత్వం పెట్టే గరిష్ఠ పరిమితి ఎంతైనా నెలకు 10,000 దాటకూడదని చట్టమే చెబుతోంది. మీ లెక్క దానిలోపే ఉంది కాబట్టి ఈ దారి సరిపోతుంది. డయాలసిస్ లాంటి పెద్ద ఖర్చు ఉన్నవాళ్లయితే మెజిస్ట్రేట్ కోర్టులో భారతీయ నాగరిక సురక్షా సంహిత 144 సెక్షన్ కింద (పాత 125 సెక్షనే) వేసుకోవడం మేలు, అక్కడ గరిష్ఠ పరిమితి లేదు. రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి, రెండుచోట్లా కుదరదు.

అర్జీ తెనాలి ఆర్డీవో ఆఫీసులోనే ఇవ్వవచ్చు. కొడుకులు ఉన్న ఊరికి మీరు తిరగనక్కర్లేదు. మీరు ఉండే చోటైనా సరే, వాళ్లు ఉండే చోటైనా సరే. అందులో ఇద్దరు కొడుకుల పేర్లూ రాయండి. చాలామంది తల్లులు ‘చిన్నవాడు పాపం’ అని ఒక్కడి మీదే వేస్తారు. నోటీసు అందుకున్నవాడు రెండోవాణ్ణి కూడా చేర్చమని అడిగే హక్కు చట్టంలోనే ఉంది. అప్పుడు కొత్తగా మళ్లీ నోటీసులు, మళ్లీ వాయిదాలు. పొలం ఎవరికి ఎక్కువ పోయిందన్నది వాటా లెక్కలోకి వస్తే రావచ్చు గానీ, పెద్దబ్బాయి అసలు ఇవ్వనక్కర్లేదనడానికి అది సాకు కాదు. కోడళ్ల పేర్లు చేర్చకండి, ‘పిల్లలు’ అంటే ఈ చట్టంలో కొడుకు, కూతురు, మనవడు, మనవరాలే. (ఆ పొలం మీ పేరున ఉండి, మిమ్మల్ని చూసుకోవాలనే షరతుతో మీరే రాసిచ్చి ఉంటే 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. అది వేరే కథ, కాగితాలు చూడకుండా చెప్పలేను.)

ఎక్కువ కేసులు నెలల తరబడి సాగేది నోటీసు అందకే. ఇంటికి తాళం, షాపు మూసి ఉంది అని కవరు తిరిగొస్తుంది. ఇంటి అడ్రసుతో పాటు పెద్దబ్బాయి ఆఫీసు, చిన్నబ్బాయి షాపు అడ్రసులు, ఫోన్ నంబర్లు అన్నీ ఇవ్వండి. నోటీసు అందిన దగ్గర్నుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు పొడిగించవచ్చు. నోటీసు అందాక కూడా కావాలని రాకపోతే వాళ్లు లేకుండానే ఆర్డరు వేయవచ్చు.

అర్జీ చివర్లో మూడు మాటలు తప్పకుండా రాయండి. కేసు తేలేదాకా మధ్యంతర భృతి ఇప్పించమని ఒకటి. భృతిని అర్జీ పెట్టిన తేదీ నుంచే ఇప్పించమని రెండోది. అలా అడగకపోతే మామూలుగా ఆర్డరు తేదీ నుంచే లెక్కిస్తారు. జనవరి 5న అర్జీ పెట్టి మే 5న ఆర్డరు వస్తే నాలుగు నెలలకు 34,000 తేడా. ఎవరెంత ఇవ్వాలో విడివిడిగా రాయమని మూడోది. పెద్దబ్బాయి 6,000, చిన్నబ్బాయి 2,500, ప్రతి నెల 5వ తేదీలోగా మీ ఖాతాలో అని ఉంటే ఎవరు ఎగ్గొట్టారో పాస్‌బుక్కే చెబుతుంది. ‘ఇద్దరూ కలిసి 8,500’ అని ఉంటే మళ్లీ వాడు వీడి మీదికి, వీడు వాడి మీదికి.

లాయర్ గురించి బెంగ వద్దు. 17వ సెక్షన్ ప్రకారం ఈ ట్రిబ్యునల్ ముందు లాయర్లు వాదించకూడదు. మీరు కోరితే మెయింటెనెన్స్ ఆఫీసర్ మీ తరఫున నిలబడాలి. ఆయన జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి గానీ, ఆ హోదాకు తగ్గని మరో అధికారి గానీ అయి ఉంటారు. అర్జీ రాయడంలో సాయం కావాలంటే 14567కి ఫోన్ చేయండి, వయోవృద్ధుల హెల్ప్‌లైన్ అది.

విచారణకు ముందు ఆర్డీవో మిమ్మల్నీ పిల్లల్నీ రాజీ అధికారి దగ్గరికి పంపవచ్చు. ఆయనకు నెల గడువు. రాజీ కుదిరితే దాని ప్రకారమే ఆర్డరు వస్తుంది, కాబట్టి కాగితంలో ఏం రాశారో చదివించుకున్నాకే సంతకం పెట్టండి. ‘అమ్మను బాగా చూసుకుంటాం’ అన్న మాటతో తర్వాత ఒక్క రూపాయి కూడా వసూలు కాదు. అంకె, తేదీ, ఖాతా నంబరు ఉండాలి.

ఆర్డరు వచ్చాక చాలామంది పోగొట్టుకునేది మూడు నెలల గడువు దగ్గరే. ఎగ్గొట్టిన నెల డబ్బుకు వసూలు వారంటు కావాలంటే అది చెల్లించాల్సిన రోజు నుంచి మూడు నెలల్లోపే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టాలి. చిన్నబ్బాయి జూన్ 5 డబ్బు వేయలేదనుకోండి, సెప్టెంబర్ 5 దాటకూడదు. దసరాకి వస్తాడు కదా, అప్పుడు అడుగుదాం అని ఆగితే జూన్ డబ్బుకు ఇక వారంటు రాదు, తర్వాతి నెలలవే మిగులుతాయి. గడువులో అడిగితే జరిమానా వసూలు చేసే పద్ధతిలోనే రాబడతారు. అప్పటికీ బాకీ మిగిలితే నెల వరకు, ఈలోపే డబ్బు కడితే కట్టేదాకా, జైలు వేయవచ్చు.

ఇచ్చిన మొత్తం మరీ తక్కువనిపిస్తే 60 రోజుల్లోగా కలెక్టర్ దగ్గరి అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లండి. అప్పీలు నడుస్తోంది కదా అని పిల్లలు ఈలోగా నెల డబ్బు ఆపడానికి లేదు.