మీటింగులో నా గొంతు నేనే వింటూ కూర్చునేవాడిని

ఇక్కడ ఒకరు ఇలా రాశారు: "రేపు మీటింగ్ అంటే ఇవాళ్టి నుంచే అన్నం సహించదు. మాట్లాడుతున్నంతసేపూ గొంతు వణుకుతోందా, చెమట కనిపిస్తోందా అన్నదాని మీదే ధ్యాస. పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఇదే వరస. ఎదుటివాళ్ళ మీద దృష్టి పెట్టమని అందరూ చెప్తారు, అదెలా పెడతారో ఎవరూ చెప్పరు."

నాదీ ఇదే కథ. మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ కలిపి, ఉద్యోగంలో ఒడియా. నెలకోసారి బరంపురంలో మీటింగ్, అందులో లెక్కలు చెప్పడం నా వంతు, మహా అయితే నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసం రెండు రోజుల ముందు నుంచీ ఒడియా వాక్యాలు మనసులో కట్టుకుంటూ ఉండేవాడిని, బస్సులో కూడా అదే పని. తీరా నా వంతు వచ్చేసరికి నేను చెప్పే మాట కంటే నా గొంతే నాకు పెద్దగా వినిపించేది, నా యాస తెలిసిపోతోందేమో అని ప్రతి మాటనీ కాపలా కాసేవాడిని. పక్కాయన ఏదైనా అడిగితే ప్రశ్న సగమే చెవిన పడేది.

ఇందులో అసలు చిక్కు ఎక్కడుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు నలుగురిలో ఉన్నప్పుడు వేసే ఈ భయం గురించి వివరంగా రాశారు. భయం వేయగానే ధ్యాస లోపలికి తిరుగుతుంది. గుండె దడ, చేతి వణుకు, నోరు ఎండిపోవడం ఇవన్నీ లోపల పెద్దగా తెలుస్తాయి కదా, బయటికి కూడా అంతే కనిపిస్తున్నాయని మనసు లెక్కకట్టేస్తుంది. ఎదుటివాళ్ళ ముఖం చూసి తెలుసుకున్నది కాదది, మన కడుపులో తిప్పుడుని బట్టి మనమే గీసుకున్న బొమ్మ. అది కనబడకుండా దాచడానికి చేసే పనులు ఇంకా చెడగొడతాయి. టీ గ్లాసు వణకకూడదని నేను రెండు చేతులతో బిగించి పట్టుకునేవాడిని, బిగించేకొద్దీ కండరాలు ఇంకా వణికేవి. తప్పు దొర్లకూడదని మెల్లగా మాట్లాడితే అందరూ "ఏంటీ?" అని ముందుకు వంగేవాళ్ళు, అప్పుడు నిజంగానే అందరి కళ్ళూ నా మీదే.

నాకు పనికొచ్చిన పరీక్ష ఒకటుంది, వాళ్ళు రాసినదాన్ని బట్టి చేసే చికిత్సలో మొదట్లోనే చేయిస్తారు. రెండు మాటామంతీలు, ఒక్కొక్కటి ఐదు నిమిషాలు. మొదటిది మీ అలవాటు ప్రకారం, లోపల కాపలా కాస్తూ, దాచుకునే పనులన్నీ చేస్తూ. రెండోది ఆ పనులు మానేసి, ధ్యాసంతా ఎదుటివాళ్ళు చెప్పేదాని మీద పెట్టి. రెండింటి తర్వాతా టెన్షన్ ఎంత, బయటికి ఎంత కనిపించి ఉంటుంది అని 100కి మార్కులు వేసుకోవాలి. ముందే అనుకోవడం కాదు, అయిపోయాక వేసుకోవాలి.

నేను గుణుపురంలో మా బావ వాళ్ళ గృహప్రవేశంలో చేశాను. మొదట బాబాయి వరస ఆయనతో, పాత పద్ధతిలో. గ్లాసు రెండు చేతుల్లో, తర్వాత ఏం మాట్లాడాలో ముందే కూర్చుకుంటూ. టెన్షన్ 80, కనిపించింది 70 అని వేసుకున్నాను. ఆయన ఐదు నిమిషాలు ఏం మాట్లాడారో సాయంత్రం గుర్తు చేసుకుందామంటే బోరు గురించి ఏదో అన్నారన్నదే మిగిలింది.

రెండోసారి పద్మపురం వైపు నుంచి వచ్చిన పత్తి రైతు ఒకాయన పక్కన కూర్చున్నాను. గ్లాసు ఒక చేత్తోనే పట్టుకున్నాను, వణికితే వణకనీ అనుకున్నాను. ఆయన పత్తిలో తేమ 12 శాతం దాటిందని కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపేశారని చెప్తున్నారు. ఎలా కొలుస్తారండీ అని అడిగాను, నిజంగానే తెలియక. చిన్న మీటర్ పెట్టి చూస్తారని, అందుకే తెల్లవారగానే మంచు మీద ఏరిన పత్తి తేకూడదని, ఎండకి ఆరబోసి తేవాలని ఆయన చేతులతో చూపిస్తూ చెప్పారు. మధ్యలో రెండు మూడుసార్లు ధ్యాస నా చేతి మీదికి జారింది, మళ్ళీ ఆయన మాట మీదికి తెచ్చుకున్నాను. టెన్షన్ 45, కనిపించింది 30. రెండు చోట్లా పక్కనే ఉన్న మా బావని అడిగాను, ఎలా ఉన్నాను అని. "బాబాయి దగ్గర నీకేదో కోపమొచ్చిందనుకున్నాను, ఇక్కడ బానే ఉన్నావు" అన్నాడు. నేను భయం దాస్తున్నాననుకున్న చోట మా బావకి కోపం కనిపించింది!

"దృష్టి పెట్టడం" అనే దాంట్లో పొరపాట్లు రెండు జరుగుతాయి, నాకూ జరిగాయి. ఒకటి, ఎదుటివాళ్ళ ముఖంలో విసుగు ఉందా అని వెతకడం. చూపు బయటే ఉంది గానీ ధ్యాస మన మీదే, "నేను ఎలా ఉన్నాను" అన్న ప్రశ్నకే అక్కడ జవాబు వెతుకుతున్నాం. రెండోది, "ఇప్పుడు సరిగ్గా వింటున్నానా" అని మళ్ళీ మనల్నే కొలుచుకోవడం. దీనికి నాకు దొరికిన ఉపాయం, వినడానికి ఒక పని పెట్టుకోవడం: ఇంటికెళ్ళి మా ఆవిడకి ఆయన చెప్పిన విషయం ఒకటి చెప్పాలి. ఆ విషయం దొరికేదాకా వినాల్సిందే కదా. ధ్యాస జారడం తప్పేమీ కాదు, ఎన్నిసార్లు జారినా వెనక్కి తెచ్చుకోవడమే ఇందులో అభ్యాసం. ఇది ముందు మీటింగులో కాదు, కిరాణా కొట్లోనో బస్సులో పక్క సీటాయనతోనో రోజుకి ఒక ఐదు నిమిషాలు చేయండి, భయం తక్కువ ఉన్న చోట చేతికి వస్తుంది.

మీటింగు విషయానికొస్తే, వాక్యాలు కట్టుకోవడం మానేసి, చెప్పాల్సిన మూడు అంకెలు చీటీ మీద రాసుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. నా వంతుకి ముందు మాట్లాడేవాళ్ళ మాటల్లో ఒక్కటి పట్టుకుని, నా వంతు దాంతోనే మొదలుపెడతాను. నా ఒడియాలో తెలుగు వినిపిస్తుంది, ఇప్పటికీ. ఒకసారి కావాలనే ఒక మాట తెలుగు యాసలోనే వదిలేసి చూశాను, ఎవరూ తలెత్తలేదు, లెక్కలో తేడా ఎంత అనే అడిగారు.

ఇంటికొచ్చాక రాత్రంతా "అలా ఎందుకన్నాను" అని నెమరేసుకోవడం ఉంటుంది చూడండి, అది కూడా ఇందులో భాగమే. అప్పుడు మనకి గుర్తొచ్చేది అక్కడ జరిగింది కాదు, అక్కడ మనకి లోపల అనిపించింది. నేను ఆ రాత్రి వాళ్ళు అన్న మాటలు మాత్రమే రాసుకుంటాను, నేను ఎలా కనిపించానో రాయను.

ఇది నా ఒక్కడి వల్ల పూర్తిగా తగ్గలేదు, ఎనిమిది నెలలు కౌన్సెలింగుకి వెళ్ళాను. మీకు తిండి సహించడం లేదంటున్నారు, దీనివల్ల ఉద్యోగమో పెళ్ళిళ్ళో మానేసే దాకా వచ్చినా, మద్యం తాగితే గానీ వెళ్ళలేకపోతున్నా, ఒంటరిగా తంటాలు పడకండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు ఎత్తుతారు, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇటు వైపు వాళ్ళకి బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్ళినప్పుడు "టెన్షన్‌గా ఉంటోంది" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోకుండా, మీరు ఇక్కడ రాసిన ఆ గొంతు సంగతి, చెమట సంగతి అలాగే చెప్పండి.