తొమ్మిది శాతం అప్పు, పన్నెండు శాతం అప్పు: ఏది ఖరీదు?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు పరిశ్రమలో గుమస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసింది. విశాఖపట్నంలో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేస్తానంటోంది. ఫీజు 1,20,000 రూపాయలు. ఆ సంస్థలోనే కూర్చున్న ఫైనాన్స్ కంపెనీ ప్రతినిధి 9 శాతం వడ్డీకి అప్పు ఇప్పిస్తానన్నారు. నెలకు 5,900 చొప్పున 24 నెలలు కట్టాలట. నా ఖాతా ఉన్న బ్యాంకులో అడిగితే 12 శాతం అన్నారు. తొమ్మిదే నయం కదా సార్? ఈ వారంలో చేరకపోతే సీటు ఉండదంటున్నారు. ఇంతకీ ఈ కోర్సుతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: నయం కాదండి. ఖరీదైనది ఆ తొమ్మిది శాతం అప్పే. వాళ్లు చెప్పిన అంకె అబద్ధం కాదు, కానీ దాన్ని బ్యాంకు చెప్పిన పన్నెండు పక్కన పెట్టి పోల్చకూడదు. రెండూ వేర్వేరు మొత్తాల మీద వేసిన వడ్డీలు.

ఊళ్లో ప్రామిసరీ నోటు మీద ఇచ్చే అప్పునే తీసుకోండి. లక్ష తీసుకున్న మనిషి కొన్నాళ్లకు అప్పటిదాకా అయిన వడ్డీ కట్టి, అసలు కింద ముప్పై వేలు ఇస్తే నోటు వెనుక చెల్లు రాస్తారు. అక్కడి నుంచి వడ్డీ డెబ్బై వేలకే నడుస్తుంది. బ్యాంకు చెప్పిన పన్నెండు శాతం సరిగ్గా ఇలాంటిదే. మిగిలిన అసలు మీద మాత్రమే నూటికి నెలకు రూపాయి. దీన్ని తగ్గే నిల్వ మీద వడ్డీ, అంటే రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అంటారు. ఆ ప్రతినిధి చెప్పింది ఫ్లాట్ వడ్డీ. అందులో మీరు నెలనెలా అసలు కడుతూనే ఉంటారు, చెల్లు మాత్రం పడదు. మొదటి రోజు తీసుకున్న లక్షా ఇరవై వేల మీదే ఆఖరి నెల దాకా వడ్డీ లెక్కిస్తారు.

ఆ 5,900 ఎలా వచ్చిందో చూడండి. లక్షా ఇరవై వేలకు ఏడాదికి తొమ్మిది శాతం చొప్పున 10,800, రెండేళ్లకు 21,600. అసలుతో కలిపి 1,41,600. దాన్ని 24తో భాగించారు. అంటే ప్రతి వాయిదాలో 5,000 అసలు, 900 వడ్డీ. మొదటి నెల ఆ 900 న్యాయమే, ఎందుకంటే అప్పుడు అప్పు పూర్తిగా మీ మీద ఉంది. ఇరవై నాలుగో నెల చూడండి. మిగిలిన అసలు ఐదు వేలు. దానికీ 900 వడ్డీయే. నూటికి నెలకు పద్దెనిమిది రూపాయలన్నమాట! అలా అడిగిన వడ్డీ వ్యాపారిని మీరు గుమ్మం ఎక్కనిస్తారా?

అదే బ్యాంకులో 12 శాతానికి తీసుకుంటే నెలవారీ వాయిదా సుమారు 5,649. మొదటి నెల వడ్డీ 1,200 ఉంటుంది. అది చూసే చాలామంది బెదిరి వెనక్కి వచ్చేస్తారు. కానీ ఏడాది గడిచేసరికి అసలు దాదాపు 63,600కు దిగుతుంది, ఆ తర్వాతి నెల వడ్డీ 636. ఆఖరి నెల వడ్డీ 56 రూపాయలు. మొత్తం వడ్డీ సుమారు 15,570. అవతల 21,600. ఆరు వేలు తేడా.

తొమ్మిది శాతం ఫ్లాట్‌ను బ్యాంకు కొలతలోకి మార్చితే ఏడాదికి 16.4 శాతం అవుతుంది. మన వాడుకలో ముప్పావలా వడ్డీ అని చెప్పి రూపాయి ముప్పై ఏడు పైసలు వసూలు చేయడం. మీ అమ్మాయి ఎక్సెల్‌లో ఇది వేస్తే అరనిమిషంలో తేలుతుంది:

```
=RATE(24,-5900,120000)*12
```

కథ ఇక్కడితో అయిపోదు. రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ పట్టుకున్నారనుకోండి, 2,832 రూపాయలు ముందే పోతాయి. అప్పుడు మీకు నిజంగా అందినది 1,17,168. పై సూత్రంలో 120000 బదులు ఈ అంకె 117168 అని వేయండి, 0.189, అంటే 18.9 శాతం వస్తుంది. ప్రకటనలో తొమ్మిది, చేతికొచ్చేసరికి దాదాపు పంతొమ్మిది.

ఈ మాయకు మందుగా రిజర్వు బ్యాంకు ఒక కాగితాన్ని తప్పనిసరి చేసింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులకు, బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా, సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఫీజులన్నీ కలుపుకున్న అసలైన వార్షిక రేటు, అంటే ఏపీఆర్, అందులో ఉంటుంది. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, కాబట్టి తెలుగులోనే అడగండి. మీలాంటి రెండేళ్ల అప్పుకు ఆ కాగితం చదువుకుని ఒప్పుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువు ఇవ్వాలి. రెండు చోట్లా అది తీసుకుని ఏపీఆర్‌లు పోల్చండి. ఇవ్వడానికి నసిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు కాస్త కోప్పడతాను, ఏమనుకోకండి. రోజంతా బస్తాల లెక్క, తూకం లెక్క తేడా రాకుండా రాసే మనిషి మీరు. అమ్మాయి చదువనేసరికి ఆ పెన్ను జేబులో పెట్టేశారు. 5,900ను 24తో గుణించి చూడలేదు. ఫీజు వసూలు చేసుకునే చోటే కూర్చుని అప్పు ఇప్పించే మనిషి మీ మేలు చూస్తాడని ఎలా అనుకున్నారు? ‘సీటు ఉండదు’ అన్న మాటకు భయపడవద్దు. ఇది ప్రవేశ పరీక్ష రాసి తెచ్చుకున్న ర్యాంకు సీటు కాదు. ఈ నెల బ్యాచ్ నిండితే వచ్చే నెల మరొకటి మొదలుపెడతారు.

కోర్సు సంగతికి వస్తే, నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. డేటా సైన్స్ విద్య చెడ్డది కాదు. కానీ ఆ పేరున్న ఉద్యోగాలకు చాలా చోట్ల పీజీ చేసినవారితోనో, పని అనుభవం ఉన్నవారితోనో పోటీ పడాలి. ఆరు నెలల సర్టిఫికెట్ పట్టుకెళ్లిన బీఎస్సీ విద్యార్థికి ముందుగా తలుపు తెరుచుకునేది ఎక్సెల్, డేటాబేస్‌లోంచి సమాచారం వెతికి తీసే ఎస్‌క్యూఎల్ భాష తెలిస్తే దొరికే చిన్న విశ్లేషణ ఉద్యోగాల్లో. అవి నేర్చుకోవడానికి లక్షా ఇరవై వేలు అక్కర్లేదు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఎస్‌క్యూఎల్ ఉచితంగానే మొదలుపెట్టవచ్చు. రెండు నెలలు చేయనివ్వండి. ఆసక్తి నిలబడితే అప్పుడు కోర్సు గురించి మాట్లాడుకుందాం. ‘ఉద్యోగం గ్యారంటీ’ అన్నవారిని, రాకపోతే ఫీజు తిరిగి ఇస్తామని కాగితం మీద రాయమనండి.

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తట్టదు. అప్పు ఒప్పందం ఫైనాన్స్ కంపెనీకీ మీకూ మధ్య. అమ్మాయి రెండో నెలలో కోర్సు మానేసినా, సంస్థ తలుపులు మూసినా వాయిదాలు ఆగవు. వచ్చే నెల నుంచే వాయిదా మొదలైతే, ఆమె ఉద్యోగం వెతకడం మొదలుపెట్టక ముందే మీ జీతంలోంచి 35,400 వెళ్తుంది. తప్పితే దెబ్బ పడేది మీ సిబిల్ స్కోరు మీద.

అలాగని అమ్మాయి భవిష్యత్తు ఈ వారంలో తేలిపోతుందని మథన పడకండి. బీఎస్సీ చేతిలో ఉంది. ఎంసీఏకు ఐసెట్ రాయవచ్చు, పోటీ పరీక్షలకు కూర్చోవచ్చు. ఏడాది అటూ ఇటూ అయితే కొంప మునగదు. ఆమెను తిట్టవద్దు కూడా, అడిగింది చదువే కదా.

అన్నీ చూసుకున్నాక ఆ కోర్సే కావాలంటే, ముందు సంస్థను నెలకు ఇంత చొప్పున ఫీజు నేరుగా తీసుకోమని అడగండి. ఒప్పుకుంటే అప్పు అవసరమే ఉండదు. ఒప్పుకోకపోతే ఫీజు కోసం బ్యాంకుకే వెళ్లండి. ముందుగా తీర్చేస్తే ఎంత కట్టాలో కూడా అడిగి రాయించుకోండి. కొన్ని ఫ్లాట్ ఒప్పందాల్లో ఏడాదికే తీర్చేసినా మిగిలిన ఏడాది వడ్డీ 10,800 కూడా కట్టమంటారు.