మందారానికి నీళ్లు తక్కువ కాలేదమ్మా, ఎక్కువయ్యాయి

అమ్మా,

మీరు పంపిన ఫోటో పెద్దది చేసి రెండు మూడు సార్లు చూశాను. రోజూ పొద్దున్న, సాయంత్రం నీళ్లు పోస్తున్నా మొక్క వాలిపోతోందని, కింది ఆకులు పండిపోయి రాలుతున్నాయని రాశారు. ఇంకా ఎక్కువ పోయమంటారా అని అడిగారు. ముందు ఆ పని ఆపండి. ఈ ఉత్తరం చదవడం పూర్తి కాకముందే లేచి వెళ్లి, కుండీ కింద ప్లేటులో ఉన్న నీళ్లు పారబోసి రండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆ ప్లేటే నాకు మొదట కనిపించింది. దాని అంచు దాకా నీళ్లున్నాయి. కుండీలో మట్టి నల్లగా తడిసి ఉంది, పైన అక్కడక్కడ పచ్చటి పాచి పట్టింది. మట్టి పైభాగం ఎప్పుడూ ఆరకుండా ఉంటేనే అలా పాచి పడుతుంది. ఆకులేమో ఎండిన మొక్క ఆకుల్లా వేలాడుతున్నాయి. మట్టి తడిగా ఉండి ఆకులు వాడిపోయాయంటే, నీళ్లు ఉన్నా తాగే వేర్లు లేవని అర్థం. దీన్నే మేము వేరుకుళ్లు అంటాం.

వేరుకు నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లోంచే దానికి గాలి అందుతుంది. ఆ సందులన్నీ రోజుల తరబడి నీళ్లతో నిండి ఉంటే వేరుకు ఊపిరాడదు, కొన నుంచి చచ్చిపోతూ వస్తుంది. చచ్చిన వేరు మీద, ఫితియం, ఫైటోఫ్తోరా లాంటి తడిలో బతికే తెగుళ్లు చేరి మంచి వేర్లకూ పాకుతాయి. వేర్లు పోయాక పైన ఆకులకు నీళ్లు అందవు కాబట్టి అవి వాలిపోతాయి. అది చూసి దాహమేమో అనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం. నర్సరీ పెట్టిన కొత్తలో నేనూ ఇలాగే పోసి పోసి వరసగా మందారాలు పోగొట్టుకున్నాను. అందుకే మీ ఫోటో చూడగానే మనసు చివుక్కుమంది.

నిజంగా దాహమైన మొక్కను గుర్తుపట్టడం కష్టం కాదు. దాని మట్టి పొడిబారి కుండీ అంచు వదిలేస్తుంది, కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంటుంది, నీళ్లు పోస్తే కొన్ని గంటల్లోనే ఆకులు నిలబడతాయి. మిట్టమధ్యాహ్నం ఎండకు వాలి సాయంత్రానికి తేరుకున్నా కంగారు అక్కర్లేదు. తెల్లవారి చల్లటి పూట, మట్టి తడిగా ఉండగా కూడా వాలే ఉందంటే వేర్లను అనుమానించాలి.

ఇంకో సంగతి. నా దగ్గర్నుంచి ఆ మొక్క వెళ్లినప్పుడు 6 అంగుళాల కవరులో ఉంది. మీరు దాన్ని 14 అంగుళాల కుండీలోకి మార్చానన్నారు. బాగా పెరగాలని పెద్దది కొన్నారు, ఆ ఆశ నాకు అర్థమైంది. కానీ వెడల్పు రెండింతలు దాటి, లోతు కూడా ఆ లెక్కనే పెరిగితే, లోపల పట్టే మట్టి పదింతలు దాటుతుంది. ఆ మట్టంతా పీల్చుకున్న నీటిని పిడికెడు వేర్లు తాగలేవు. అవి తాగేలోపే మీరు మళ్లీ పోస్తున్నారు. కొత్త కుండీ పాత మట్టిగడ్డ కంటే ఒకటి రెండు అంగుళాలు వెడల్పుంటే చాలు.

అడుగున గులకరాళ్లు వేశాను కదా, నీళ్లు ఎందుకు నిలుస్తాయని కూడా అడిగారు. చాలామంది అలాగే వేస్తారు, కానీ దానివల్ల లాభం లేదు. ఒక స్పాంజిని తడిపి అరచేతిలో అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగిపోయాక దాన్నే నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. అంటే నీళ్లు కారిపోయాక కూడా అడుగున కొంత మందం తడి మిగిలే ఉంటుంది. కుండీలో మట్టీ అంతే. రాళ్లు వేస్తే ఆ తడి పొర రాళ్ల పైకి, అంటే వేర్లకు ఇంకా దగ్గరికి జరుగుతుంది. రాళ్లు తీసేసి ఆ చోటు కూడా మట్టికే ఇవ్వండి. కన్నాలు మాత్రం తెరిచి ఉండాలి.

ఇప్పుడు చేయాల్సింది. నీడలో కూర్చుని, కుండీని పక్కకు వంచి మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీయండి. లాగకండి. వేర్లను మామూలు నీళ్లతో మెల్లగా కడగండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి గట్టిగా తగులుతుంది. కుళ్లింది నల్లబడి మెత్తగా ఉంటుంది, వాసన వస్తుంది, రెండు వేళ్లతో పట్టి లాగితే పైపొర ఊడిపోయి లోపల దారం లాంటిదే మిగులుతుంది. అలాంటివన్నీ, మంచి భాగం కనిపించేదాకా, శుభ్రమైన కత్తెరతో తీసేయండి. జాలిపడి కొంచెం ఉంచితే తెగులు అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది.

వేర్లు ఎంత తగ్గాయో, పైన కొమ్మలూ అంత తగ్గాలి. సగం వేర్లు పోతే సగం కొమ్మలు కత్తిరించండి. మొగ్గలున్నా తీసేయండి. మిగిలిన కొద్ది వేర్లు అన్ని ఆకులకూ నీళ్లు పంపలేవు.

పాత మట్టి మళ్లీ వాడొద్దు. రెండు వంతుల ఎర్రమట్టికి, ఒక వంతు బాగా చివికిన ఎరువు, ఒక వంతు ముతక ఇసుక కలపండి. మిగిలిన వేర్లకు సరిపడే చిన్న కుండీలో నాటి, కన్నంలోంచి కారేదాకా ఒక్కసారి నీళ్లు పోసి వదిలేయండి. రెండు వారాలు వెలుతురు బాగా ఉండి ఎండ సూటిగా పడని చోట ఉంచండి. తర్వాత నీళ్లకు రోజులు లెక్కపెట్టకండి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి గుచ్చండి, పొడిగా తగిలితేనే పోయండి.

మట్టిలో కలిపింది కాక, బలానికి ఇంకా ఎరువు వేయమంటారా అని మీకు అనిపించవచ్చు. కొత్త చిగుర్లు వచ్చి పెద్దవయ్యేదాకా వద్దు, గాయపడిన వేర్లను ఎరువులోని లవణాలు ఇంకా మాడ్చేస్తాయి. మందు సంగతికొస్తే, శిలీంద్రాలకు మామూలుగా వాడే కార్బెండజిమ్ నేను చెప్పిన ఆ రెండు తెగుళ్ల మీద పనిచేయదు. ఏ మందూ చచ్చిన వేరును బతికించలేదు కాబట్టి దానికి డబ్బు పెట్టకండి.

ఇంత చేసినా బతుకుతుందని మాట ఇవ్వలేను. మొదలు దగ్గర గోటితో బెరడు కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రయత్నించవచ్చు. మొదలు చుట్టూ గోధుమరంగుకు తిరిగి మెత్తబడితే ఆ వేర్ల మీద ఆశ వదిలేసి, పైన ఇంకా పచ్చగా ఉన్న కొమ్మ నుంచి 4 నుంచి 6 అంగుళాల ముక్కలు మూడు నాలుగు కోయండి. ఆకుల్లో పైన రెండు ఉంచి మిగతావి తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి. వేర్లు పట్టడానికి వారాలు పడుతుంది, మధ్యలో పీకి చూడకండి. రంగు అదే, పువ్వు అదే. అది మీ మొక్కే.

వేర్లు కడిగాక, కత్తిరించడానికి ముందే ఒక ఫోటో తీసి పంపండి. ఏది ఉంచాలో, ఏది తీయాలో చూసి చెప్తాను. అప్పటిదాకా వేర్ల మీద తడిగుడ్డ కప్పి ఉంచండి.