రష్యన్ అతిథి పేరులో ఊనిక ఎక్కడ?

సందేహం: వచ్చే నెలలో మా ఊరి గ్రంథాలయ వార్షికోత్సవానికి రష్యా నుంచి ఒక అనువాదకురాలు ముఖ్య అతిథిగా వస్తున్నారు. ఆమెను సభకు పరిచయం చేసే పని నాకు అప్పగించారు. ఆహ్వానపత్రంలో పేరు ‘ఎలెనా ఇవానోవా’ అని వేశాం. రష్యన్ పేర్లలో ఏదో ఒక అక్షరాన్ని ‘ఒత్తి’ పలకాలని ఒక మిత్రుడు అంటున్నారు. ఆ ఒత్తు ఎక్కడ పెట్టాలి? సభకు ముందే దాన్ని ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: మీ మిత్రుడు చెప్పింది నిజమే కాని, ‘ఒత్తి’ అన్న మాట దగ్గరే పొరపాటుకు చోటుంది. ఒత్తు అనగానే తెలుగువారికి ఖ, ఘ, భ వంటి మహాప్రాణాలో, అక్షరం కింద చేరే వత్తులో గుర్తుకొస్తాయి. రష్యన్ పేరులో ఉన్నది ఆ రెండూ కాదు. దాన్ని భాషాశాస్త్రంలో ఊనిక అంటారు. మాటలోని అక్షరాలలో ఏదో ఒకదాని మీద మాత్రమే గొంతు బలాన్ని మోపి, దాన్ని మిగిలినవాటికంటే స్పష్టంగా, కొంత నిడివిగా పలకడమే ఊనిక.

తెలుగులో ఊనిక మారినంత మాత్రాన మాటకు అర్థం మారదు. మనకు అర్థాన్ని మార్చేది దీర్ఘం. పడు వేరు, పాడు వేరు. మెడ వేరు, మేడ వేరు. రష్యన్‌లో ఇది తలకిందులు. అక్కడ హ్రస్వదీర్ఘాల భేదం అర్థాన్ని మార్చదు, ఊనిక మారుస్తుంది. ఒకే వర్ణక్రమంతో రాసే మాటను మొదటి అక్షరంపై ఊని ‘మూక’ అంటే యాతన, రెండో అక్షరంపై ఊని ‘ముకా’ అంటే పిండి. ఈ రెంటినీ నేను తెలుగులో రాసిన తీరు గమనించండి. ఊనిక పడిన అచ్చు కొంత సాగుతుంది కనుక మన చెవికి అది దీర్ఘంగా వినిపిస్తుంది. అందువల్ల రష్యన్ పేరును తెలుగు లిపిలో రాసుకునేటప్పుడు ఊనిక ఉన్న అక్షరానికి దీర్ఘం ఇచ్చి, మిగిలినవాటినన్నిటినీ హ్రస్వంగా ఉంచితే, పలుకు అసలుకు బాగా దగ్గరగా వస్తుంది. హ్రస్వ దీర్ఘ ఎ, ఏ లకూ ఒ, ఓ లకూ వేరువేరు అక్షరాలున్న మన లిపి ఈ పనికి ఎంతో అనువైనది. హిందీలో రాసుకునేవారికి ఈ సౌకర్యం లేదు.

ఈ దృష్టితో మీ ఆహ్వానపత్రాన్ని చూస్తే, ‘ఇవానోవా’ అన్న ఒక్క మాటలో మూడు దీర్ఘాలున్నాయి. మామూలు రష్యన్ మాటకు ఊనిక ఒక్కటే. కాబట్టి మూడింటిలో కనీసం రెండు తప్పు. మన పత్రికలలో నిత్యం కనిపించే ‘వ్లాదిమిర్ పుతిన్’ కూడా ఇటువంటిదే. రష్యన్లు మొదటి పేరులో రెండో అక్షరం మీద, ఇంటిపేరులో మొదటి అక్షరం మీద ఊని ‘వ్లదీమిర్ పూతిన్’ అంటారు. మనం దీర్ఘం ఉండరాని చోట పెట్టి, ఉండవలసిన రెండు చోట్లా తీసేశాం. అచ్చులో ఇలా స్థిరపడిన రూపాలను ఇప్పుడు మార్చాలని నేను పట్టుబట్టను. కాని ఆ మనిషి ఎదుట కూర్చుని ఉండగా వేదిక మీద పలికే పేరు విషయం వేరు.

ఇక మీ అతిథి పేర్లు రెంటినీ చూద్దాం. మొదటి పేరు తేలికైనది. దానికి ఊనిక రెండో అక్షరం మీద స్థిరంగా ఉంది కనుక ‘యెలేన’ అనాలి. మొదట వినిపించే యకారం మనకు కష్టం కాదు. ‘ఎవరు’ను ‘యెవరు’ అని పలికే అలవాటు మనకు ఉన్నదే.

చిక్కంతా ఇంటిపేరుతో. ఈ ఇంటిపేరుకు రష్యన్‌లో రెండు ఉచ్చారణలున్నాయి, రెండూ సరైనవే. ఎక్కువగా వినిపించేది మూడో అక్షరంపై ఊనే ‘ఇవనోవ’. కొన్ని కుటుంబాలవారు రెండో అక్షరంపై ఊని ‘ఇవానవ’ అంటారు. ఊనిక జరిగితే అచ్చు కూడా మారడం మీకు వింతగా ఉండవచ్చు. రష్యన్‌లో ఊనిక లేని చోట ఒకారం బలం తగ్గి అకారంలా వినిపిస్తుంది. అందుకే ‘నో’ కాస్తా ‘న’ అయింది. మగవారి విషయంలో ఇవే ‘ఇవనోఫ్’, ‘ఇవానఫ్’ అవుతాయి, ఎందుకంటే మాట చివరి వకారం అక్కడ ఫకారంగా పలుకుతుంది. ఒకే కుటుంబంలో భార్య ఇంటిపేరు చివర అకారం ఉండి, భర్తకు లేకపోవడం వారి వ్యాకరణం వల్లనే కాబట్టి, ఆమెను ‘శ్రీమతి ఇవనోఫ్’ అనకూడదు.

రెంటిలో ఆమెది ఏదో నిఘంటువు చెప్పలేదు, రష్యన్ తెలిసిన మరొకరూ చెప్పలేరు. రష్యన్ లిపిలో రాసి తెచ్చుకున్నా లాభం లేదు, ఎందుకంటే పిల్లల వాచకాలలోనూ నిఘంటువులలోనూ తప్ప మామూలు రాతలో ఊనిక గుర్తు వేయరు. పైగా ‘యో’ అని పలికే అక్షరం తలపై ఉండవలసిన రెండు చుక్కలను కూడా రాతలో తరచు వదిలేస్తారు. రష్యన్లు ‘గర్బచోఫ్’ అని చివరి అక్షరంపై ఊని పలికే పేరు మనకు ‘గోర్బచేవ్’ అయి కూర్చున్నది ఆ చుక్కలు జారిపోయిన రాతను ఇంగ్లీషు మీదుగా చదువుకున్నందువల్లనే. కనుక ఆమెనే అడగాలి.

అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. “మీ పేరు ఇవానోవా, కదండీ?” అని అడిగితే మర్యాదస్తురాలైన అతిథి తల ఊపుతుంది, మీకు తెలిసేదేమీ ఉండదు. మీ నోటినుంచి ఏ రూపమూ రాకముందే, “మీ పేరును మీరు ఇంట్లో ఎలా పలుకుతారో అలా ఒక వాక్యంలో పెట్టి చెప్పండి” అని కోరాలి. వారం పది రోజుల ముందే ఉత్తరం రాసి, ఫోనులో గొంతు రికార్డు చేసి పంపమని అడగవచ్చు. నా అనుభవంలో ఇందుకు నొచ్చుకున్న అతిథి ఒక్కరూ లేరు. నెమ్మదిగా, విడివిడిగా పలకమని మాత్రం అడగకండి. అక్షరం అక్షరంగా విడదీస్తే ప్రతి అచ్చూ నిండుగా పలికి, ‘ఇ-వా-నో-వా’ అనే వినిపిస్తుంది, మీకు కావలసిన ఊనికే మాయమవుతుంది. ఆ తరువాత మీరు పలికి వినిపించి, ఆమె సరిదిద్దితే మళ్లీ పలకండి. “పరవాలేదు” అన్న జవాబుతో ఆగకుండా, సరిదిద్దవలసిన అవసరం ఆమెకు కనిపించనంతవరకు అడగండి.

ఆమె దొరకకపోతే, ఆమె తనను తాను పరిచయం చేసుకున్న ప్రసంగం వీడియో ఏదైనా ఉంటే వినవచ్చు. ఇతరులు రష్యన్‌లో ఆమెను పరిచయం చేసిన వీడియోతో జాగ్రత్తగా ఉండాలి. రష్యన్‌లో పేర్లకు కూడా విభక్తులున్నాయి. మనం ‘రాముడు’ను ‘రాముణ్ణి’ అన్నట్టే, “ఇవనోవను ఆహ్వానిస్తున్నాం” అనే చోట వారు ‘యెలేను ఇవనోవు’ అంటారు. ఆ చివరి ఉకారాన్ని పేరులో భాగమనుకుని వేదికనెక్కితే వినేవారికి పేరే మారిపోతుంది. ఊనిక స్థానాన్ని మాత్రం అటువంటి వీడియో నుంచి తీసుకోవచ్చు, ఎందుకంటే ఈ ఇంటిపేరులో విభక్తి మారినా ఊనిక కదలదు.

వారి ఆచారం ప్రకారం మర్యాదగా పిలిచేటప్పుడు మొదటి పేరు తరువాత తండ్రి పేరు నుంచి పుట్టిన రెండో పేరు చేరుస్తారు. మీ అతిథి దాన్ని కూడా చదవమంటే, దాని ఊనికను విడిగా అడగండి. తండ్రి పేరు ఇవాన్ అయితే ఆ రెండో పేరు ‘ఇవానవ్న’ అవుతుంది, మాటల్లో అది ‘ఇవాన్న’గా కుదించుకుపోతుంది. అదే ఇవాన్ నుంచి పుట్టిన ఇంటిపేరు ఎక్కువమంది నోట ‘ఇవనోవ’ అవుతున్నప్పుడు, ఇక్కడ ఊనిక ‘వా’ దగ్గరే నిలిచింది. ఒకదాన్ని బట్టి మరొకదాన్ని ఊహించడం కుదరదని దీనివల్ల తెలుస్తుంది.

తెలుసుకున్నదాన్ని నాలుక మీద నిలుపుకోవడానికి మన ఛందస్సు తోడ్పడుతుంది. ఆమె చెప్పినది ‘ఇవనోవ’ అయితే దాని నడక ‘సరిపోదు’ నడక: రెండు లఘువులు, గురువు, లఘువు. ‘ఇవానవ’ అయితే ‘మరీచిక’ నడక. ‘యెలేన’ అచ్చంగా ‘సుశీల’ వంటి జగణం. ఈ తెలుగు మాటలను నాలుగుసార్లు అని, వెంటనే పేరు అని చూడండి. దీర్ఘం తనంత తానే చోటు చేసుకుంటుంది. ఒక్క జాగ్రత్త ఉంది. ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరమూ, పొల్లు చేరిన అక్షరమూ గురువులే కాని, అక్కడ ఊనిక ఉన్నట్టు కాదు. మనం టాల్‌స్టాయ్ అనే రచయిత పేరు రష్యన్ల నోట ‘తల్‌స్తోయ్’. రెండక్షరాలూ గురువులే అయినా ఊనిక రెండోదాని మీదే. కాబట్టి గురువును కాక దీర్ఘాన్నే గుర్తుగా పెట్టుకోవాలి. (ఈ పేరులో ఉన్నది మన తకారం వంటిదే, ఆ టకారం ఇంగ్లీషు దారిలో చేరింది.)

వేదిక మీద మనవారికి జరిగే పొరపాటు ఎక్కువగా పేరు చివర ఉంటుంది. తెలుగులో సంబోధన చేసేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాం: రామ, రామా. అతిథిని మైకులో పిలిచే ఊపులో ‘యెలేనా, ఇవనోవా’ అని రెండు కొసలూ సాగిపోతాయి, ఊనిక అక్కడికి జరిగిపోతుంది. చాలా ఏళ్ల కిందట ఒక సభలో నేనే ఇలా పిలిచాను. ముందు వరుసలో ఉన్న అతిథి తన కాగితాలు చూసుకుంటూ ఉండిపోయారు. పక్కనున్నవారు మోచేత్తో తట్టాక గాని లేవలేదు. పిలిచినప్పుడు మనిషి తల ఎత్తలేదంటే ఆ పేరు ఆమె చెవికి తనదిగా వినిపించలేదన్నమాట. ఆ సభ తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. దీనికి విరుగుడు మన ‘గారు’లోనే ఉంది. ‘యెలేన ఇవనోవగారు’ అని కలిపి పలికితే చివరి అకారానికి సాగే చోటు దొరకదు.

మీ చీటీ మీద పేరును పెద్ద అక్షరాలతో ఆమె చెప్పిన రూపంలోనే రాసుకుని, దీర్ఘం ఉన్న అక్షరం కింద గీత గీయండి. పేరు మాత్రమే కాక అది వచ్చే వాక్యమంతా పైకి చదివి చూసుకోండి, ఎందుకంటే విడిగా సరిగ్గా వచ్చిన పేరు వాక్యం వేగంలో పాత అలవాటుకు జారిపోతుంది. ఆహ్వానపత్రంలోని ‘ఇవానోవా’ను వేదిక దగ్గర ఎదుట పెట్టుకోకండి, కన్ను దాని మీద పడితే నోరు దానినే పలుకుతుంది. సభ మొదలయ్యేముందు ఆమెను కలిసినప్పుడు ఒకసారి ఆమె ఎదుట ఆ వాక్యం పలికి చూపండి. విదేశాలలో తిరిగినవారు కొందరు తమ పేరును ఇంగ్లీషువారు పలికే తీరునే ఇతరుల నోట ఇష్టపడతారు. ఆమె కూడా అలా కోరితే, నేను పైన రాసినదంతా పక్కన పెట్టి ఆమె కోరినట్టే పలకండి.