సోడియం, క్లోరిన్‌లతోనే మూడు బంధాలూ

“ఎలక్ట్రాన్లను పంచుకోవడానికీ, ఉమ్మడిగా వదలడానికీ తేడా ఏంటి? రెండూ ఒకటేగా?”

ఒకటి కాదండీ. కర్పరాల్లో ఎలక్ట్రాన్లు చూడండి: సోడియం 2,8,1, క్లోరిన్ 2,8,7. చివరి అంకె బాహ్య కర్పరానిది. ఈ రెండూ కలిస్తే సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తుంది, Na⁺, Cl⁻ ఏర్పడతాయి. ఇది అయానిక బంధం.

రెండూ క్లోరిన్లే అయితే ఇచ్చేవాళ్లే లేరు. చెరో ఎలక్ట్రాన్ పెట్టి ఒక జంటను పంచుకుంటాయి. ఆ జంట ఆ రెండు పరమాణువుల మధ్యే ఉంటుంది. ఇది సమయోజనీయ బంధం.

సోడియం ముక్కలో అన్నీ ఇచ్చేవే, పుచ్చుకునేది లేదు. వదిలిన ఎలక్ట్రాన్లు ఏ జంటకూ కట్టుబడకుండా ముక్కంతా తిరుగుతాయి. ఇది లోహ బంధం. అందుకే సోడియంలో కరెంటు పారుతుంది, కత్తితో కోసినా పొడి కాదు. ఉప్పు గల్లును కొడితే పొరలు జరిగి ఒకే ఆవేశమున్న అయాన్లు ఎదురెదురై వికర్షించుకుంటాయి, గల్లు పగులుతుంది.

పరీక్షలో మార్కులు పోయేది NaCl చుక్కల పటంలో జంటను మధ్యలో గీసినప్పుడే. అక్కడ బ్రాకెట్లు, ఆవేశాలు వేయాలి.