పక్కన సెల్లార్ తవ్వకం, మన పునాది కింద పని

ప్రశ్న: మా గోడకు దగ్గరగా పక్క స్థలంలో సెల్లార్ కోసం లోతుగా తవ్వుతున్నారు. మా గోడలో అప్పుడే బీటలు కనిపిస్తున్నాయి. పునాది కింద కొత్తగా కాంక్రీటు వేయిస్తే ఇల్లు నిలుస్తుందా, లేక గోడకు దన్ను కర్రలు పెడితే చాలా?

దన్ను కర్రలు చాలవు. గోడ పక్కకు ఒరగకుండా అవి కొంతకాలం కాపాడతాయి గాని, పునాది కింది మట్టి జారిపోతుంటే గోడ కిందికి దిగడాన్ని ఆపలేవు. పునాది కింద కాంక్రీటు వేయించడం సరైన మార్గమే; దీన్నే అండర్‌పిన్నింగ్ అంటారు. అయితే ఇల్లు నిలిచేది ఆ కాంక్రీటు పరిమాణాన్ని బట్టి కాదు. కొత్త కాంక్రీటుకూ పాత పునాదికీ మధ్య మిగిలే నాలుగు వేళ్ల సందును ఎలా నింపారన్న దాన్ని బట్టి. కట్టడాల పనులు పర్యవేక్షించే ఉద్యోగంలో చాలా ఏళ్లు గడిపిన నాకు, అండర్‌పిన్నింగ్ విఫలమైన ప్రతి చోటా తప్పు ఆ సందులోనే ఉంటుందన్న గట్టి అభిప్రాయం ఏర్పడింది.

ముందుగా తవ్వకం మీ పునాదికి నిజంగా ప్రమాదకరమో కాదో తేల్చుకోవాలి. పునాది అడుగు అంచు నుంచి తవ్వకం వైపు, కిందికి 45 డిగ్రీల వాలుతో ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. తవ్వకం అడుగు ఆ గీతకు పైనే ఉంటే మామూలు గట్టి నేలలో భయం తక్కువ; గీత దాటి కిందికి పోతే మీ గోడ బరువును మోస్తున్న మట్టినే తవ్వేస్తున్నారని అర్థం. వదులు ఇసుకలోనూ, నీరు ఊరే నేలలోనూ ఈ లెక్కను నమ్మకూడదు.

నేను దగ్గరుండి చేయించిన ఒక పని చెబితే మిగతాది తేలికగా అర్థమవుతుంది. అది ఇటుక గోడల మీద నిలిచిన రెండంతస్తుల ఇల్లు. పక్క స్థలం వైపున్న గోడ పొడవు 12 మీటర్లు, పునాది అడుగు నేలమట్టానికి 1.2 మీటర్ల లోతున, వెడల్పు 90 సెంటీమీటర్లు. గోడ మీది బరువు మీటరుకు సుమారు 9 టన్నులు. పక్కవాళ్లు పునాది అంచుకు 1.2 మీటర్ల దూరంలో 3.6 మీటర్ల లోతుకు తవ్వాలనుకున్నారు. పైన చెప్పిన గీత ఆ దూరంలో 2.4 మీటర్ల లోతుకు చేరుతుంది కాబట్టి, అంతకు మించి తవ్వితే గోడ దిగే ప్రమాదం ఉంది. అదృష్టవశాత్తు వాళ్లు 2 మీటర్ల దగ్గర ఉండగానే పని ఆపించగలిగాము. మా పునాది కింద మెత్తని మట్టి, 2.8 మీటర్ల దగ్గర గట్టి గ్రావెల్ నేల తగిలాయి. అందుకే కొత్త అడుగును 3 మీటర్ల లోతుకు దించాలని నిర్ణయించాము. ఆ లోతు నుంచి గీసిన గీత పక్క తవ్వకాన్ని 4.2 మీటర్ల వద్ద తాకుతుంది కనుక వాళ్ల 3.6 మీటర్లు దానికి పైనే ఉంటాయి.

గోడ కింద మొత్తం ఒకేసారి తవ్వితే అదే రోజు ఇల్లు కూలుతుంది. అందుకని గోడ పొడవును 1.2 మీటర్ల చొప్పున పది భాగాలు చేసి, ఒక చివర నుంచి వరుసగా 1, 3, 5, 2, 4, మళ్లీ 1, 3, 5, 2, 4 అని గోడ మీద సుద్దతో అంకెలు వేయించాను. మొదట రెండు 1 అంకె భాగాలు, అవి పూర్తయ్యాక రెండు 2 అంకె భాగాలు, అలా ఐదు విడతలు. ఇందులో సుగుణం ఏమిటంటే, ఒకసారి తెరిచి ఉండేది గోడలో ఐదో వంతే. పైగా వరుస విడతల్లో తెరిచే గుంతలు ఎక్కడా పక్కపక్కన రావు. తెరిచిన భాగం మీది 11 టన్నుల బరువును ఇటుక గోడ కమానులాగా రెండు పక్కలకూ పంచి మోస్తుంది. ఆ పక్క భాగాలు గట్టిగా ఉన్నంతసేపే ఆ కమాను పనిచేస్తుంది. కాంట్రాక్టర్లు కూలీలు ఖాళీగా ఉన్నారన్న వంకతో పక్క గుంత కూడా తెరిచేద్దామని అడుగుతారు. ఆ మాటకు ఒప్పుకునే ఇంజనీరు ఆ పనికి తగడని నా అభిప్రాయం.

ఒక్కో గుంతలో ముందు గోడ పక్కన మనిషి దిగి పనిచేయడానికి చోటు తవ్వి, పక్కల మట్టి విరిగిపడకుండా పలకలతో దన్ను కట్టి, ఆ తరువాత పునాది కిందికి వెళ్లాలి. పాత పునాది అడుగుకు అంటుకున్న మట్టిని చిన్న ఉలితో, ఇనుప బ్రష్‌తో పూర్తిగా తీసి శుభ్రం చేయాలి; ఆ పొర అలాగే ఉంటే మీరు గోడను మట్టి మీద నిలబెట్టినట్టే. గుంత అడుగున వదులు మట్టి మిగలకుండా చూసి, అదే రోజు కాంక్రీటు వేసేయాలి. పక్క భాగాల కాంక్రీటుతో కలిసేలా ఇనుప కడ్డీలు బయటికి వదలాలి. కాంక్రీటును మాత్రం పాత పునాదిని తాకనివ్వకుండా 75 మిల్లీమీటర్ల కింద ఆపాలి. మరుసటి రోజు, అది గట్టిపడ్డాక, ఆ సందులో పొడి మాల్ కూరాలి.

ఈ పొడి మాల్ గురించి ఎవరూ సరిగా వివరించరు. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలిచేంత, అరచేయి మాత్రం తడవనంత నీరే చల్లాలి. దాన్ని కొంచెం కొంచెంగా సందు లోపలి చివర నుంచి పెడుతూ, గట్టి చెక్క మొనను ఆనించి సుత్తితో కొడుతూ పొర మీద పొర బిగించాలి. బాగా బిగిసిన చోట సుత్తి దెబ్బ మోత మారుతుంది, చెక్క ఎగిరి వెనక్కి వస్తుంది. అది విసుగు పుట్టించే పని. అందుకే దాన్ని ఎగ్గొడతారు.

మా పనిలోనూ ఎగ్గొట్టారు. రెండో విడతలో ఒక భాగంలో మేస్త్రీ బృందం నేను లేని సమయంలో కాంక్రీటును నేరుగా పునాది అడుగు దాకా పోసి, వైబ్రేటర్ పెట్టి, పైకి పొంగే దాకా నింపామని గర్వంగా చెప్పింది. చూడటానికి సందు ఏమీ కనిపించలేదు. కానీ ఆ భాగానికి పైనున్న కిటికీ మూలలో బీటకు రెండు వైపులా నేను బిగించిన ఇత్తడి మేకుల మధ్య దూరం 0.3 మిల్లీమీటర్లు పెరిగింది, ఆ పైన కూడా మెల్లగా పెరుగుతూనే ఉంది. మొదటి విడతలో ఏ భాగం దగ్గరా అలా జరగలేదు. గుంతలోకి దిగి సన్నని ఉక్కు రేకును కాంక్రీటుకూ పునాదికీ మధ్య నెడితే ఏ అడ్డూ లేకుండా జానెడు లోపలికి పోయింది. పచ్చి కాంక్రీటులో రాళ్లు కిందికి కుదురుకుని నీరు పైకి తేలుతుంది. ఆ నీరు, దానితోపాటు చిక్కుకున్న గాలి పునాది కిందే నిలిచిపోతాయి. ఆరే కొద్దీ కాంక్రీటు కుంచించుకుపోతుంది. ఆ విధంగా కంటికి కనిపించని ఖాళీ ఏర్పడుతుంది. మేస్త్రీ, "ఇంత కాంక్రీటు వేశాక ఇంకా ఏం దిగుతుందండీ?" అన్నాడు. ఆ రేకును అతని చేతికిచ్చి అతనితోనే నెట్టించాను. ఆ స్థితిలో పక్క భాగాలు తెరిచి ఉంటే, కమాను కాలు ఆనవలసిన చోట ఖాళీ ఉన్నందున గోడ ఆ ఖాళీ మూసుకునే దాకా ఒక్కసారిగా దిగేది. కాంక్రీటు పై పొరను యంత్రంతో కాకుండా ఉలితో, సగం వెడల్పు చొప్పున చెక్కించి, మొదటి సగం పొడి మాల్‌తో బిగించి గట్టిపడనిచ్చాకే రెండో సగం ముట్టుకున్నాము. ఆ తరువాత మేకుల మధ్య దూరం మారలేదు.

మీరు ఈ రోజే చేయవలసిన పని ఆ మేకులు బిగించడం. బీట మీద గాజు ముక్క అతికించే అలవాటు చాలామందికి ఉంది. అది విరిగిందో లేదో చెబుతుంది గాని ఎంత కదిలిందో చెప్పదు, పైగా జిగురు ఊడినా ఎవరికీ తెలియదు. బీటకు అటూ ఇటూ రెండు మేకులు బిగించి, వర్నియర్ కాలిపర్‌తో ప్రతిరోజూ ఒకే సమయంలో కొలిచి రాసుకోండి. బీట పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండి తవ్వకం వైపు చివర కిందికి దిగినట్టుంటే ఆ చివరి పునాది కుంగుతోందని అనుమానించాలి. ఈలోగా బీటల్లో పుట్టీ కూరి రంగు వేసే పెద్దమనుషులను దూరంగా ఉంచండి. ఇల్లు చెబుతున్న సాక్ష్యాన్ని వాళ్లు చెరిపేస్తారు.

ఈ గుంతల పద్ధతి అన్ని చోట్లా నడవదు. కొత్త అడుగు భూగర్భ జలమట్టానికి కింద ఉంటే, మోటారు పెట్టి నీరు తోడుతూ తవ్వడం ప్రమాదం, ఎందుకంటే నీటితోపాటు సన్న ఇసుక కూడా పునాది కింద నుంచి వచ్చేస్తుంది. ఇంగ్లండ్‌లోని వించెస్టర్ కేథడ్రల్, కుళ్లిన మొక్కలతో ఏర్పడే మెత్తని పీట్ నేలలో కుంగుతున్నప్పుడు ఇదే చిక్కు వచ్చింది. అక్కడ నీరు తోడకుండా, విలియం వాకర్ అనే డైవర్ 1906 నుంచి 1911 వరకు సుమారు 6 మీటర్ల లోతు వరకు ఉన్న నీటి గుంతల్లోకి దిగి, చీకట్లో చేతులతో తడుముకుంటూ గోడల కింద కాంక్రీటు సంచులు పేర్చాడు. ఇప్పుడు అలాంటి చోట సన్నని పైల్స్ దించి బరువును లోతైన గట్టి పొరకు చేరుస్తారు. పక్కవాళ్లు తమ గుంతలో రాత్రింబవళ్లు నీరు తోడుతుంటే, ఆ నీరు మట్టి రంగులో వస్తోందా అని తప్పక చూడండి. వస్తుంటే గుంతల పని మొదలుపెట్టకముందే ఆ నీరు తోడటం ఆపించాలి.

మరో పరిమితి కూడా ఉంది. ఇలా దించిన కాంక్రీటు గోడ నిలువు బరువు మోయడానికే గాని, పక్క నుంచి తోసే మట్టి ఒత్తిడిని ఆపే రిటైనింగ్ వాల్ కాదు. పక్కవాళ్లు తమ తవ్వకాన్ని మన కొత్త కాంక్రీటు ముఖం దాకా తెచ్చి దాన్ని బయటపెట్టదలిస్తే, ముందుగా అడ్డ దన్నులు బిగించి, తమ సెల్లార్ గోడ, స్లాబు పూర్తయ్యే దాకా వాటిని తీయకూడదు. ఈ విషయం మాటగా కాకుండా, వాళ్ల డ్రాయింగులో దన్నుల స్థానాలు గుర్తించి ఉన్న కాగితంగా తీసుకోండి.

చివరిగా, దించిన గోడకు అడ్డంగా లోపలికి వెళ్లే గోడల సంగతి. ఒక గోడ 3 మీటర్ల లోతున, దానికి కలిసే గోడ 1.2 మీటర్ల లోతున ఉంటే ఆ కలిసే చోటే కొత్త బీట పుడుతుంది. మేము అడ్డ గోడల కింద కూడా మూల నుంచి లోపలికి కాంక్రీటు అడుగును మెట్లు మెట్లుగా పైకి తెస్తూ పాత లోతుకు కలిపాము. బీటలను మాత్రం పక్క సెల్లార్ స్లాబు పడి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచి, మేకుల కొలతలు నిలకడగా ఉన్నాకే ఉక్కు కడ్డీలు వేసి కుట్టించాము.